పెళ్లికి ముందు అడిగే ఆ కాగితం ఎవరిని కాపాడుతుంది?

 

పోయిన వారం ఇక్కడ ఒక తీర్మానం ఫొటో పెట్టారు. ఊరి పేరు మేము చెప్పం, చూసినవాళ్లకు తెలుసు. ఇక నుంచి పెళ్లి ఖాయం చేసుకునే ముందు పిల్ల, పిల్లవాడు ఇద్దరూ హెచ్‌ఐవీ రిపోర్టు తెచ్చి పెద్దల ముందు పెట్టాలట. నెగెటివ్ ఉంటేనే ముహూర్తం. పాజిటివ్ వస్తే ఆ ఇంటితో సంబంధం కలపకూడదట. కింద లైకులు బాగానే పడ్డాయి. "మంచి పని చేశారన్నా, మన జాతిని కాపాడుకోవాలి" అని కామెంట్లు పెట్టినవాళ్లలో మాతో హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లు కూడా ఉన్నారు.

ఆ తీర్మానం చేసినవాళ్ల ఉద్దేశం చెడ్డదని మేము అనడం లేదు. పనికి పట్నం పోయి వస్తున్న పిల్లలు ఎక్కువయ్యారు, ఊళ్లో భయం ఉంది, ఆడపిల్ల తండ్రికి ఇంకా ఎక్కువ ఉంది. అది నిజమే. కానీ ఈ తీర్మానం అమలైతే ఎవరి నుంచి వైరస్ సోకదో అతన్ని గూడెం బయట పెడతాం, ఎవరి నుంచి సోకే ప్రమాదం ఉందో అతనికి బాజాలు మోగిస్తాం. ఆవేశంతో అంటున్న మాట కాదు. తేదీలు వేసి చూపిస్తాం, మీరే లెక్క చూసుకోండి.

ఒక తమ్ముడు ఉన్నాడనుకుందాం. హైదరాబాద్‌లో బిల్డింగ్ పనికి పోయాడు. మార్చి 20న కండోమ్ లేకుండా ఎవరితోనో కలిశాడు, అప్పుడే అతనికి వైరస్ సోకింది. ఈ సంగతి అతనికి కూడా తెలియదు. ఉగాదికి అటూ ఇటూగా ఇంటికొచ్చాడు. ఏప్రిల్ 5న తీర్మానం ప్రకారం ఆస్పత్రికి పోయి వేలి మీద రక్తం ఇచ్చాడు. నెగెటివ్. కాగితం తెచ్చి పెద్దల ముందు పెట్టాడు. ఏప్రిల్ 27న పెళ్లి.

ఆ కిట్ తప్పు చెప్పలేదు. దాన్ని మనం అడిగిన ప్రశ్నే తప్పు. మన పీహెచ్‌సీల్లో, ఐసీటీసీల్లో వాడే రాపిడ్ కిట్ వైరస్‌ను వెతకదు. వైరస్‌ను ఎదుర్కోవడానికి మన ఒళ్లు తయారు చేసే యాంటీబాడీలను వెతుకుతుంది. అడవిలో జంతువు కనిపించకపోయినా అడుగుజాడలు చూసి వచ్చిపోయిందని చెప్తాం కదా, అట్లా. అయితే ఈ జాడ పడటానికి టైం పడుతుంది. రాపిడ్ యాంటీబాడీ పరీక్షకు దొరికేంతగా అవి తయారవడానికి మనిషిని బట్టి 23 రోజుల నుంచి 90 రోజుల దాకా పడుతుంది. దీన్నే విండో పీరియడ్ అంటారు. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబ్‌లో చేసే నాలుగో తరం పరీక్ష ఉంది, అది యాంటీబాడీతో పాటు వైరస్ ముక్క అయిన పి24 యాంటిజెన్‌ను కూడా వెతుకుతుంది కాబట్టి 18 నుంచి 45 రోజుల మధ్య పట్టుకుంటుంది. నేరుగా వైరస్ జన్యు పదార్థాన్ని వెతికే నాట్ పరీక్ష 10 నుంచి 33 రోజుల్లో పట్టుకుంటుంది, కానీ దాని ఖర్చు ఎక్కువ, మన ఏజెన్సీలో పెళ్లికి ముందు ఎవరూ చేయించుకునేది కాదు. ఏ పరీక్షయినా మొదటి పది రోజుల్లో ఏమీ చెప్పలేదు.

ఇప్పుడు తమ్ముడి తేదీలు చూడండి. మార్చి 20 నుంచి ఏప్రిల్ 5కి 16 రోజులే. రాపిడ్ కిట్‌కు దొరికే టైం ఇంకా మొదలే కాలేదు. పెళ్లి నాటికి 38 రోజులు. ఆ రోజు మళ్లీ చేసి ఉంటే దొరికేదేమో, కానీ కాగితం చేతిలో ఉంది కదా, ఎవరు చేస్తారు? అతని విషయంలో రాపిడ్ పరీక్ష మాటను గట్టిగా నమ్మాలంటే 90 రోజులు నిండాలి, అంటే జూన్ 18 దాకా ఆగాలి. ఈ మధ్యలో మళ్లీ అట్లాంటి కలయిక జరిగితే లెక్క ఆ రోజు నుంచి మళ్లీ మొదలవుతుంది.

ఇంకో సంగతి ఉంది. సోకిన మొదటి వారాల్లో ఒంట్లో వైరస్ అదుపు లేకుండా పెరుగుతుంది. ఒక మిల్లీలీటరు రక్తంలో లక్షల్లో, కొందరిలో అంతకంటే ఎక్కువ కూడా ఉంటుంది. ఎదుటి మనిషికి సోకే అవకాశం చాలా ఎక్కువగా ఉండే రోజులివే. అంటే కాగితం మీద "నెగెటివ్" అని ఉన్న రోజులు, ఒంట్లో వైరస్ విపరీతంగా ఉన్న రోజులు ఒకదాని మీద ఒకటి పడతాయి. కొందరికి అప్పుడు జ్వరం, గొంతు నొప్పి, ఒంటి మీద దద్దురు వస్తాయి. మన దగ్గర జ్వరం వస్తే మలేరియా రక్తపూత తీస్తారు, అది నెగెటివ్ వస్తే మాత్రలిచ్చి పంపిస్తారు. దీని గురించి ఎవరూ ఆలోచించరు.

పెళ్లయింది. ఆ చెల్లెకు సోకి తీరుతుందని చెప్పలేం, సోకవచ్చు. సోకిందే అనుకుందాం. మే నెలలో కడుపు నిలిచింది. జూన్ మొదటి వారంలో ఏఎన్‌ఎం అక్క పేరు రాసుకొని, మిగతా రక్త పరీక్షలతో పాటు హెచ్‌ఐవీ కూడా చేయించింది. ఆమెకు సోకి అప్పటికి కొన్ని వారాలే అయింది కాబట్టి ఆమెది కూడా నెగెటివ్ రావచ్చు. అప్పుడు ఇంట్లో రెండు నెగెటివ్ కాగితాలు, ఇద్దరి ఒంట్లో వైరస్. కాన్పు దాకా మళ్లీ ఎవరూ పరీక్ష చేయకపోతే బిడ్డ పుట్టేదాకా, పాలు తాగేదాకా ఎవరికీ తెలియదు. ఏ చికిత్సా లేకపోతే తల్లి నుంచి బిడ్డకు సోకే అవకాశం నూటికి 15 నుంచి 45 దాకా ఉంటుంది. తీర్మానం ఇక్కడ ఎవరిని కాపాడింది?

ఇదే కథలో మార్చి 20 తర్వాత 72 గంటల లోపల అతను ఆస్పత్రికి వెళ్లి ఉంటే, వైరస్ నిలదొక్కుకోకుండా ఆపడానికి 28 రోజులు వాడే మందులున్నాయి. పెప్ అంటారు. ఎంత తొందరగా మొదలుపెడితే అంత మంచిది, 72 గంటలు దాటితే ఇవ్వరు. ఈ మాట మన కుర్రాళ్లలో ఎంతమందికి తెలుసు? తీర్మానం రాసిన కాగితంలో దీనికి ఒక్క లైను చోటు దొరకలేదు.

సరే, ఇప్పుడు రెండో మనిషి. ఇతనికి మూడేళ్ల కింద పాజిటివ్ వచ్చింది. ఏఆర్‌టీ సెంటర్‌లో పేరు ఉంది. రోజూ రాత్రి ఒక మాత్ర వేసుకుంటాడు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మూడు మందులూ కలిసి ఒకే మాత్రలో ఉంటాయి, టీఎల్‌డీ అని పిలుస్తారు. ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. మన దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్‌లో మొదలైంది. ముందు సీడీ4 కణాలు బాగా తగ్గినవాళ్లకే ఇచ్చేవాళ్లు, 2017 నుంచి పాజిటివ్ అని తేలిన ప్రతి ఒక్కరికీ ఇస్తున్నారు. ఇతనికి ఆరో నెలలో, పన్నెండో నెలలో, ఆ తర్వాత ఏడాదికోసారి వైరల్ లోడ్ పరీక్ష చేశారు. కొలతకు అందనంత తక్కువ అని రిపోర్టు వచ్చింది.

ఈ మనిషి నుంచి భార్యకు కలయిక ద్వారా వైరస్ సోకదు. "తక్కువగా సోకుతుంది" అని కాదు, సోకదు. ఇది ఎవరో ధైర్యం చెప్పడానికి అన్న మాట కాదు. ఒకరికి ఉండి ఒకరికి లేని జంటలను యూరప్‌లో ఏళ్ల తరబడి గమనించారు, పార్ట్‌నర్ అధ్యయనం అంటారు, ఫలితాలు 2016లో వచ్చాయి. ఆ జంటలు కండోమ్ లేకుండా దాదాపు 58 వేల సార్లు కలిశాయి. మందులతో వైరస్ అణిగి ఉన్న భాగస్వామి నుంచి సోకిన కేసు ఒక్కటీ లేదు. అందులో 11 మందికి కొత్తగా హెచ్‌ఐవీ వచ్చిన మాట నిజం. కానీ వాళ్ల వైరస్ జన్యువులను పోల్చి చూస్తే ఇంట్లో మనిషి వైరస్‌తో ఒక్కటీ కలవలేదు, బయట నుంచి వచ్చింది. ఇది తెల్లవాళ్ల లెక్క, మనకెందుకు అనేవాళ్లకు ఇంకోటి చెప్తాం. అంతకుముందు హెచ్‌పీటీఎన్ 052 అనే పెద్ద పరిశోధన తొమ్మిది దేశాల్లో జరిగింది. అందులో మన దేశం జంటలూ ఉన్నారు, చెన్నైలో, పుణెలో చేశారు. అక్కడా వైరస్ పూర్తిగా అణిగి ఉన్నవాళ్ల నుంచి భాగస్వామికి సోకలేదు.

మన తీర్మానం ఈ రెండో మనిషిని వెలివేస్తుంది. మొదటివాడికి అక్షింతలు వేస్తుంది. మేము అడుగుతున్నది ఇదే.

ఇక్కడ చాలామంది తికమక పడేది ఒకటుంది. ఈ రెండో మనిషికి ఇప్పుడు రాపిడ్ కిట్ పెడితే పాజిటివే వస్తుంది. పదేళ్ల తర్వాత పెట్టినా పాజిటివే. ఎందుకంటే కిట్ వెతికేది యాంటీబాడీలను, అవి పోవు. వైరస్ ఎంత ఉందో చెప్పేది వైరల్ లోడ్ పరీక్ష, అది వేరు. ఇది తెలియక రెండు రకాల నష్టం జరుగుతోంది. కొందరు ఆర్‌ఎంపీ దగ్గర కిట్ పెట్టించుకొని "మూడేళ్లు మందులు మింగినా తగ్గలేదు, ఇవి దండగ" అని ఆపేస్తారు. ఇంకొందరు వైరల్ లోడ్ రిపోర్టు చూసి "నయమైపోయింది" అని ఆపేస్తారు. రెండూ ఒక్క చోటికే తీసుకెళ్తాయి. మందు ఆపిన కొద్ది వారాల్లోనే దాక్కున్న వైరస్ మళ్లీ లేస్తుంది, ఇంట్లో మనిషికి మళ్లీ ప్రమాదం మొదలవుతుంది. నాటు మందుతో నయం చేస్తామని చెప్పి మాత్రలు మాన్పించేవాళ్లు కూడా ఈ లెక్కలోకే వస్తారు. మన వైద్యం మీద మాకు గౌరవం ఉంది, కానీ ఈ విషయంలో దానికి మాత్ర మాన్పించే హక్కు లేదు.

ఆ "సోకదు" అనే మాటకు షరతులున్నాయి, అవి దాచిపెట్టం. మందు మొదలుపెట్టిన రోజు నుంచే సోకదని కాదు. వైరస్ అణగడానికి ఆరు నెలల దాకా పట్టవచ్చు, పరీక్షలో తేలేదాకా కండోమ్ వాడాల్సిందే. మాత్ర రోజూ వేసుకోవాలి. వైరల్ లోడ్ 1000 దాటితే మాత్రలు సరిగ్గా పడటం లేదనో, మందు పనిచేయడం లేదనో అర్థం, సెంటర్ వాళ్లు కూర్చోబెట్టి మాట్లాడి మళ్లీ పరీక్ష చేస్తారు. కొలతకు అందకుండా ఉంటే సున్నా అనే లెక్క కలయికకు సంబంధించినదే, సూదులు పంచుకోవడానికి, తల్లిపాలకు అది వర్తించదు.

మన దగ్గర మాత్రలు ఎందుకు తప్పుతాయో మనకు తెలియదా? ఆగస్టులో వాగు పొంగితే నాలుగు రోజులు అవతలి ఒడ్డుకు పోలేం. డబ్బా అదే వారం అయిపోతుంది. కోడలు డబ్బాను బియ్యం బస్తాలో దాచి, అత్త ఇంట్లో ఉన్న రోజు వేసుకోదు. మిర్చి ఏరడానికి పోయినవాళ్లు రెండు నెలలు తిరిగి రారు. స్థిరంగా ఉన్నవాళ్లకు ఒకేసారి రెండు మూడు నెలల మందులు ఇచ్చే పద్ధతి ఉంది, వానలకు ముందే అడగాలి. పనికి వేరే ఊరు పోతే అక్కడి సెంటర్‌లో తీసుకునేలా రాయించుకోవచ్చు. దగ్గర్లో లింక్ ఏఆర్‌టీ సెంటర్ ఉంటే మందులు అక్కడే ఇస్తారు. పెద్దలు తీర్మానం చేయాలనుకుంటే వాగు దాటే పడవ మీద చేయొచ్చు.

ఇప్పుడు బిడ్డ సంగతి. భార్యాభర్తల్లో ఒకరికి ఉంటే, ఇద్దరికీ ఉంటే, పిల్లలు వద్దనే తీర్పు మన ఊళ్లలో చాలా సులువుగా ఇచ్చేస్తారు. తల్లి మాత్ర సరిగ్గా వేసుకుంటూ వైరస్ అణిగి ఉంటే, బిడ్డకు పుట్టగానే నెవిరపిన్ సిరప్ మొదలుపెడితే, ఆ 15–45 అన్న లెక్క 5 కంటే కిందికి దిగుతుంది, అన్నీ సరిగ్గా జరిగితే ఒకటి కంటే తక్కువకు కూడా వస్తుంది. అయితే ఇందులో మన దగ్గర ప్రత్యేకంగా చూసుకోవాల్సినవి ఉన్నాయి.

ఒకటి ఐరన్ మాత్రలు. మన ఆడవాళ్లలో రక్తహీనత ఎక్కువ, గర్భిణులకు ఏఎన్‌ఎం అక్క ఐరన్, కాల్షియం ఇస్తుంది, వేసుకోవాలి కూడా. కానీ ఖాళీ కడుపున ఐరన్, కాల్షియం, టీఎల్‌డీ మూడూ ఒకేసారి మింగితే ఆ లోహాలు డోలుటెగ్రావిర్‌ను కడుపులోనే పట్టుకుంటాయి, మందు రక్తంలోకి సరిగ్గా చేరదు. ఆమె రోజూ వేసుకుంటూనే ఉంటుంది, వైరస్ మాత్రం పూర్తిగా అణగదు. టీఎల్‌డీని ఐరన్, కాల్షియం కంటే రెండు గంటల ముందు గానీ, ఆరు గంటల తర్వాత గానీ వేసుకోవాలి. లేదంటే అన్నంతో పాటు వేసుకుంటే కలిపి వేసుకున్నా ఫరవాలేదు. గ్యాస్‌కు వాడే తెల్ల మందుకు కూడా ఆ రెండు, ఆరు గంటల దూరమే, దానికి అన్నం మినహాయింపు లేదు. ఐరన్ ఇచ్చే అక్కకు ఈమె ఏఆర్‌టీలో ఉందని తెలియకపోవచ్చు, ఏఆర్‌టీ సెంటర్‌లో ఈమె ఐరన్ మాట ఎత్తకపోవచ్చు. మధ్యలో చెప్పాల్సింది మనమే. టీబీ మందులు వాడుతుంటే కూడా సెంటర్‌లో చెప్పాలి, రిఫాంపిసిన్ ఉంటే డోలుటెగ్రావిర్ డోసు పెంచుతారు.

రెండోది పాలు. మొదటి ఆరు నెలలు తల్లిపాలు మాత్రమే ఇవ్వాలి. పుట్టగానే తేనె నాకించడం, మేకపాలు కలపడం, నీళ్లు పట్టడం ఇవన్నీ పసి పేగును దెబ్బతీసి వైరస్‌కు దారి ఇస్తాయి. మిశ్రమంగా ఇవ్వడం కంటే మాత్ర వేసుకుంటున్న తల్లి పాలు మాత్రమే ఇవ్వడం మేలు. పాలిచ్చినన్నాళ్లూ తల్లి మాత్ర ఒక్క రోజు కూడా మానకూడదు.

మూడోది బిడ్డకు చేసే పరీక్ష. ఇక్కడ విండో పీరియడ్ తలకిందులవుతుంది. పెద్దవాళ్లలో వైరస్ ఉన్నా కిట్ మొదట్లో లేదంటుంది. పసిబిడ్డలో వైరస్ లేకపోయినా కిట్ ఉందంటుంది. తల్లి యాంటీబాడీలు కడుపులోనే బిడ్డ రక్తంలోకి చేరతాయి, అవి 18 నెలల దాకా ఉండొచ్చు. ఐదు నెలల పిల్లకు జ్వరమొస్తే ఊరి డాక్టర్ రాపిడ్ కిట్ పెట్టి "పిల్లకు కూడా ఉంది" అంటే, అతను చూసింది తల్లి జాడ. ఆ మాట విని పాలు మాన్పించినా, పిల్లను పట్టించుకోవడం మానేసినా అన్యాయం. బిడ్డకు చేయాల్సింది మడమ మీద గుచ్చి నాలుగు రక్తపు చుక్కలు కాగితం మీద ఆరబెట్టి ల్యాబ్‌కు పంపే పరీక్ష. అది వైరస్‌నే వెతుకుతుంది. ఆరో వారంలో, ఆరో నెలలో, పన్నెండో నెలలో చేస్తారు, చివరికి 18 నెలలకు యాంటీబాడీ పరీక్షతో తేలుస్తారు. పాలు మాన్పించాక ఆ పరీక్షకు మూడు నెలలు గడవాలి, అది ఎందుకో పైన చదివినవాళ్లకు చెప్పనక్కర్లేదు.

భర్తకు ఉండి భార్యకు లేకపోతే, ఆమె గర్భం మొదట్లో చేయించుకున్న ఒక్క నెగెటివ్ చాలదు. కాన్పు దగ్గర పడే ముందు, పాలిచ్చేటప్పుడు మళ్లీ చేయించుకోవాలి. మొదటి కథలోని చెల్లె దొరికి ఉండేది ఈ రెండో పరీక్షలోనే.

ఇంకో మాట. పీహెచ్‌సీలో ఒక్క కిట్‌లో గీత పడితే అది "రియాక్టివ్" మాత్రమే. ఐసీటీసీలో మూడు వేర్వేరు కిట్లతో చేసి మూడూ ఒకే మాట చెప్తేనే పాజిటివ్. మన గూడేల్లో మొదటి గీతకే పుకారు పుట్టి సంత దాకా పోతుంది. పోయిన ఏడాది ఇదే గ్రూపులో ఒకరి స్లిప్ ఫొటో పెట్టారు. మేము తీసేసేలోపు ఎంతమంది చూశారో మాకే తెలుసు. ఆ తప్పులో మాకూ భాగం ఉంది.

పరీక్ష వద్దని మేము అనడం లేదు. పెళ్లి చేసుకోబోయే ఇద్దరూ ఇష్టపడి కలిసి ఐసీటీసీకి వెళ్లాలి, చివరి కలయిక తేదీ కౌన్సెలర్‌కు నిజంగా చెప్పాలి, 90 రోజులు నిండకపోతే మళ్లీ వెళ్లాలి, అప్పటిదాకా కండోమ్ వాడాలి. ఫలితం ఒకరికొకరు చెప్పుకోవాలి. రెండో మనిషి కూడా తను కట్టుకోబోయే పిల్లకు చెప్పాలి, దాచిపెట్టి తాళి కట్టడం మోసమే. కానీ చెప్పాల్సింది ఆమెకు. పెద్దల ముందు కాగితం పెట్టమనడం వేరే సంగతి. 2017 హెచ్‌ఐవీ చట్టం 2018 సెప్టెంబర్ 10 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం ఎవరికైనా పరీక్ష వాళ్లు ఒప్పుకుంటేనే చేయాలి, ఫలితం బయటపెట్టమని బలవంతం చేయకూడదు, హెచ్‌ఐవీ ఉందని వివక్ష చూపకూడదు. మన కట్టుబాట్లు మనవే, అందులో బయటివాళ్లు వేలు పెట్టకూడదని మనమే పోరాడతాం. కానీ రిపోర్టు భయంతో కుర్రాళ్లు పదహారో రోజే పరుగెత్తి నెగెటివ్ తెచ్చుకొని, తర్వాత పరీక్ష వైపే చూడకపోతే, ఆ కట్టుబాటు వల్ల చచ్చేది మన చెల్లెళ్లే.

తీర్మానం చేసిన అన్నలను మేము అడిగేది, దాన్ని వాపసు తీసుకొని, దాని స్థానంలో 72 గంటల మాట, 90 రోజుల మాట గూడెం కమ్యూనిటీ హాల్ గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించండి. పక్కన 1097 నంబర్ కూడా రాయండి, ఉచితంగా ఫోన్ చేసి పేరు చెప్పకుండా అడగొచ్చు. రంగు డబ్బులు మేము వేసుకుంటాం.

ఈ పోస్టు కింద ఎంత గట్టిగా వాదించినా సరే. ఊరి పేరు, మనిషి పేరు, "ఫలానా వాళ్లింట్లో" అనే మాట మాత్రం రాయొద్దు. రాస్తే కామెంట్ తీసేస్తాం, మనిషిని కూడా తీసేస్తాం.